వాటర్ క్యాన్ల లెక్క అడిగితే తడబడ్డాను

ప్రశ్న: నేను ఎంబీఏ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఊరు విజయవాడ. ఇంటర్ వరకు తెలుగు మీడియం. పోయిన నెల ఒక కన్సల్టింగ్ సంస్థ ఇంటర్వ్యూలో "హైదరాబాద్‌లో 20 లీటర్ల వాటర్ క్యాన్ల మార్కెట్ ఏడాదికి ఎంత ఉంటుంది?" అని అడిగారు. ప్రశ్న వినగానే పేపర్ మీద వయసు, ఆదాయం, ఏరియా అని పన్నెండు గడులు గీశాను. సగం గడులు నింపేసరికే ఎక్కడున్నానో నాకే తెలియలేదు. టైం అయిపోతోందని గడులు వదిలేసి, జనాభా కోటి, అందులో సగం మంది క్యాన్ నీళ్లు తాగుతారు, ఒక్కొక్కరికి రెండు రోజులకో క్యాన్, క్యాన్ 40 రూపాయలు అని గుణించి 3,600 కోట్లు అన్నాను. "ఈ నంబర్‌ను మీరు నమ్ముతారా?" అని అడిగారు. నమ్ముతానన్నాను. అంతే, థ్యాంక్యూ చెప్పి పంపేశారు.

ఇంకో మూడు వారాల్లో మరో సంస్థ వస్తోంది. సీనియర్ అక్క "ప్రశ్న పూర్తవగానే మాట్లాడటం మొదలుపెట్టు, ఆగావంటే రాదనుకుంటారు" అంటోంది. రూమ్మేట్ ఇలాంటి ప్రశ్నలకు సాల్వ్ చేసిన కేసులు నలభై తెచ్చి బట్టీ పట్టమంటోంది. నాకేమో లెక్కలు తెలుగులోనే బుర్రలో తిరుగుతాయి, మాట్లాడేది ఇంగ్లిష్‌లో. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఎలా ప్రిపేర్ అవ్వాలి? అసలు ఇది నా వల్ల అయ్యే పనేనా?
- పేరు వద్దు

జవాబు: ముందు మీరు చెప్పిన 3,600 కోట్ల దగ్గరే కాసేపు ఆగుదాం. క్యాన్ 40 రూపాయలంటే అది ఏడాదికి 90 కోట్ల క్యాన్లు. రోజుకు దాదాపు 25 లక్షలు. కోటి మంది ఉన్న ఊళ్లో ఇంటికి నలుగురు చొప్పున వేసుకుంటే ఇళ్లు కూడా 25 లక్షలే. అంటే మీ లెక్క ప్రకారం హైదరాబాద్‌లో ప్రతి ఇంటికీ రోజూ ఒక క్యాన్ దిగుతోంది. ఫిల్టర్ పెట్టించుకున్న ఇంటికీ, నల్లా నీళ్లు కాచుకుని తాగే ఇంటికీ కూడా. అలా ఉండదని మీకు తెలుసు. విజయవాడలో మీ వీధిని గుర్తు చేసుకున్నా తెలిసిపోతుంది.

"నమ్ముతారా?" అన్న ప్రశ్న ఇంటర్వ్యూయర్ ఇచ్చిన రెండో అవకాశం. కాగితం మీద అర నిమిషం పెట్టి రోజుకు ఎన్ని క్యాన్లో చూసుకుని, "లేదండీ, ఎక్కువ వచ్చింది. క్యాన్ కొనేది ఇల్లు, నేను మనిషికి లెక్క కట్టాను" అని ఉంటే ఇంటర్వ్యూ అక్కడ ఆగిపోయేది కాదనుకుంటాను. మనిషికి రెండు రోజులకో క్యాన్ అంటే రోజుకు పది లీటర్లు. అంత ఎవరూ తాగరు. మీ లెక్కలో గుణకారం తప్పలేదు. తప్పిందల్లా దేన్ని లెక్కపెట్టాలన్నది. ఇలాంటి ప్రశ్నల్లో నాలుగు రెట్లు, పది రెట్లు తేడా వచ్చేది ఎక్కువగా ఇక్కడే. మనిషా ఇల్లా, రోజా నెలా, లీటరా క్యానా అన్నది కలగాపులగం అయిపోతుంది. అందుకే కాగితం మీద ప్రతి అంకె పక్కనా అది దేని అంకో రాయండి. వట్టి 180 అని కాదు, "ఇంటికి, ఏడాదికి, 180 క్యాన్లు" అని.

ఇక ఆ పన్నెండు గడులు. విడగొట్టడం మంచిదే, కానీ విడగొట్టినప్పుడు ఒక్కో ముక్కకూ వేరే అంకె రావాలి. పాతికేళ్ల వాళ్లకూ యాభై ఏళ్ల వాళ్లకూ తాగే నీళ్లలో చెప్పుకోదగ్గ తేడా ఏం ఉంటుంది? వయసుతో విడగొడితే ప్రతి గడిలోనూ దాదాపు అదే అంకె రాయాల్సి వస్తుంది. పని మూడింతలు, ఫలితం సున్నా. ఆదాయం కొంత నయం, కానీ అదీ సూటిగా పని చేయదు. డబ్బున్న వాళ్లు ఇంట్లో ఫిల్టర్ పెట్టించుకుంటారు, బాగా లేని వాళ్లు నల్లా నీళ్లే తాగుతారు, క్యాన్ వేయించుకునే వాళ్లు ఎక్కువగా మధ్యలో ఉంటారు. కాబట్టి ఇక్కడ విడగొట్టాల్సింది తాగునీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయన్న దాన్ని బట్టి. ఇంటి ఫిల్టర్, నల్లా, క్యాన్. మూడే ముక్కలు, అందులోనూ మనకు కావలసింది ఒక్కటే.

ఇప్పుడు అదే ప్రశ్న మళ్లీ వచ్చిందనుకుని మొదటి నుంచి చేద్దాం.

ప్రశ్న వినగానే లెక్కలోకి దూకకుండా, జవాబును మార్చే సందేహాలు మాత్రం అడగండి. మార్కెట్ అంటే క్యాన్ల సంఖ్యా, రూపాయలా? హైదరాబాద్ అంటే పాత కార్పొరేషన్ వరకేనా, చుట్టుపక్కల కలిసిపోయిన ఊళ్లు కూడానా? క్యాన్ ఇంటికి తెచ్చి వేసేవి మాత్రమేనా, జనం బండి మీద వాటర్ ప్లాంట్‌కు వెళ్లి నింపుకునేవి కూడా లెక్కలోకి వస్తాయా? ఈ చివరిది చాలా మందికి తట్టదు. ప్లాంట్ దగ్గర నింపుకుంటే ధర బాగా తక్కువ, ఇంటికి తెస్తే ఎక్కువ. రెండూ కలిపేస్తే ధర దగ్గర చిక్కుకుపోతారు. ఇంటర్వ్యూయర్ "రూపాయల్లో చెప్పండి, చుట్టుపక్కలవి కలుపుకోండి, తెచ్చి వేసేవి మాత్రమే" అన్నారనుకుందాం. ఇక చాలు, ప్రశ్నలు ఆపేయాలి. నాలుగోది, ఐదోది అడుగుతూ పోతే మీరు చేయాల్సిన పని ఆయన చేత చేయిస్తున్నట్టు ఉంటుంది.

తర్వాత "నాకొక నిమిషం ఇస్తారా?" అని అడగండి. మీ సీనియర్ అక్క చెప్పిన దానిలో కొంత నిజం ఉంది. ఏమీ చెప్పకుండా రెండు మూడు నిమిషాలు తల దించుకుని రాసుకుంటూ ఉంటే, అవతలి మనిషికి మీరు ఏం చేస్తున్నారో తెలియక ఇబ్బందిగా ఉంటుంది. కానీ వెంటనే మాట్లాడటం మొదలుపెడితే మొదట తట్టిన దారికి కట్టుబడిపోతారు, సగం దూరం పోయాక వెనక్కి రావడం కష్టం. మీ గడుల విషయంలో జరిగిందదే. అడిగి తీసుకున్న నిమిషాన్ని ఎవరూ తప్పు పట్టరు. ఆ నిమిషంలో లెక్క చేయకండి, దారి మాత్రం గీసుకోండి. లెక్క మాత్రం పైకి చెబుతూ చేయండి, ఎక్కడైనా జారితే ఆయనే పట్టుకుంటారు.

దారి ఇలా ఉంటుంది. ఇళ్లు, ఆఫీసులూ దుకాణాలూ, మిగతావి. ఇళ్ల సంఖ్యను క్యాన్ వేయించుకునే వాటా పెట్టి గుణించి, ఇంటికి ఏడాదికి ఎన్ని క్యాన్లో దానితో గుణిస్తాం. ఆఫీసులకు పనిచేసే వాళ్ల సంఖ్య, మనిషి ఆఫీసులో తాగే నీళ్లు, పని దినాలు. మిగతావంటే హాస్టళ్లు, టిఫిన్ సెంటర్లు, ఫంక్షన్లు. వీటిని విడివిడిగా తవ్వకుండా పై రెండింటి మీద ఒక శాతంగా కలుపుతాం. చివర్లో ధర. ఈ దారిని లెక్క మొదలుపెట్టే ముందే కాగితం తిప్పి ఇంటర్వ్యూయర్‌కు చూపించి, "ఇలా వెళ్దామనుకుంటున్నాను, ఏమైనా వదిలేశానా?" అని అడగండి. ఆయన అప్పుడే "ఫంక్షన్లు వదిలేయండి" అనవచ్చు. మీకు పని తగ్గుతుంది.

ఇప్పుడు అంకెలు. 2011 జనాభా లెక్కల్లో హైదరాబాద్, కలిసిపోయిన శివార్లతో సహా, 77 లక్షల పైచిలుకు. ఆ తర్వాత ఊరు పెరిగింది కాబట్టి లెక్కకు వీలుగా కోటి అనుకుందాం. మీరు కోటి అనడం సరైనదే, కాకపోతే ఎందుకు కోటి అన్నారో ఒక్క వాక్యంలో చెప్పాలి. ఇంటికి నలుగురు, 25 లక్షల ఇళ్లు. వీటిలో ఇంటికి క్యాన్ తెప్పించుకునేవి 30 శాతం అనుకుందాం. ఇది నా ఊహ, అలాగే చెప్పాలి కూడా. ఫిల్టర్ ఉన్న ఇళ్లు, నల్లా నీళ్లు తాగే ఇళ్లు, ప్లాంట్‌కు వెళ్లి తెచ్చుకునే ఇళ్లు పోగా మిగిలేది మూడింట ఒక వంతుకు కాస్త తక్కువ ఉండొచ్చన్నది దాని వెనక ఉన్న ఆలోచన. అంటే 7.5 లక్షల ఇళ్లు. తాగడానికీ, కొంత వంటకూ కలిపి మనిషికి రోజుకు రెండున్నర లీటర్లు వేసుకుంటే ఇంటికి పది లీటర్లు, రెండు రోజులకో క్యాన్, ఏడాదికి 180. మొత్తం 13.5 కోట్ల క్యాన్లు.

ఆఫీసులు, దుకాణాలు. కోటి మందిలో పనిచేసే వాళ్లు 40 లక్షలు, వాళ్లలో సగం మంది పనిచేసే చోట క్యాన్ నీళ్లు ఉంటాయనుకుందాం. పెద్ద ఆఫీసుల్లో సొంత ఫిల్టర్లుంటాయి, ఆటో నడిపే వాళ్లకూ మేస్త్రీలకూ క్యాన్ ఉండదు. 20 లక్షల మంది, పనిచేసే చోట లీటరు చొప్పున తాగితే రోజుకు 20 లక్షల లీటర్లు, అంటే లక్ష క్యాన్లు. 300 పని దినాలకు 3 కోట్ల క్యాన్లు. ఇళ్లతో కలిపి 16.5 కోట్లు. మిగతావాటికి 20 శాతం కలిపితే దాదాపు 20 కోట్లు.

ధర దగ్గర కూడా ఒక్క అంకె వేసేయకుండా కొంచెం ఆలోచించండి. పది క్యాన్లలో తొమ్మిది లోకల్ ప్లాంట్‌వి, 30 రూపాయలు. ఒకటి పేరున్న కంపెనీది, 90 రూపాయలు అనుకుంటే సగటు 36. లెక్క తేలికగా ఉండటానికి 35 తీసుకుందాం. 20 కోట్ల క్యాన్లు, 35 రూపాయలు, 700 కోట్లు.

ఇక్కడితో ఆగిపోతే పాత తప్పే మళ్లీ జరుగుతుంది. నంబర్ రాగానే దాన్ని వేరే వైపు నుంచి చూడాలి. ఇప్పటి దాకా తాగే వాళ్ల వైపు నుంచి వచ్చాం, ఇప్పుడు నీళ్లు పట్టే వాళ్ల వైపు నుంచి వెళ్దాం. 20 కోట్ల క్యాన్లంటే రోజుకు దాదాపు ఐదున్నర లక్షలు. గంటకు వెయ్యి లీటర్లు శుద్ధి చేసే చిన్న ప్లాంట్ రోజుకు పది గంటలు నడిస్తే పదివేల లీటర్లు, 500 క్యాన్లు. అంటే ఊరంతా కలిపి 1,100 ప్లాంట్లు కావాలి. కోటి మందికి పంచితే తొమ్మిది వేల మందికి ఒకటి, సుమారు రెండు వేల పైచిలుకు ఇళ్లకు ఒకటి. ఒక పెద్ద కాలనీకో, రెండు మూడు బస్తీలకో ఒక వాటర్ ప్లాంట్ అంటే నమ్మేలాగే ఉంది. మీ 90 కోట్ల క్యాన్లకు ఇదే పరీక్ష పెడితే దాదాపు ఐదు వేల ప్లాంట్లు కావాలి, ఐదు వందల ఇళ్లకు ఒకటి. వీధివీధికీ ఒక ప్లాంట్ ఉండాలన్నమాట. ఒకే లెక్కను తిరగేసి చేసినది పరీక్ష కాదు, అది అదే తప్పును మళ్లీ చూపిస్తుంది. ప్లాంట్ల లెక్కలో మనం వేసుకున్న 30 శాతం, రెండున్నర లీటర్లు ఎక్కడా లేవు. అందుకే దానికి విలువ.

తర్వాత, ఏ ఊహ మారితే జవాబు ఎక్కువ కదులుతుందో చూసుకోండి. ఆఫీసుల క్యాన్లు సగానికి తగ్గినా 700 కాస్తా 630 అవుతుంది, అంతే. కానీ ఇళ్ల వాటా 30 శాతం కాకుండా 20 అయితే మొత్తం 500 కోట్ల చిల్లర, 40 అయితే 900 కోట్లకు కాస్త తక్కువ. అంటే టైం పెట్టాల్సింది ఆ 30 శాతం మీద. ఆఫీసుల్లో ఎన్ని రకాలు, హాస్టళ్లు ఎన్ని అంటూ తిరిగితే అలసటే తప్ప జవాబు పెద్దగా మెరుగు పడదు.

చెప్పేటప్పుడు జవాబు ముందు చెప్పండి. చేసిన వరుసలో మళ్లీ మొత్తం చదవకండి, ఆయన పక్కనే కూర్చుని విన్నారు కదా. "ఏడాదికి సుమారు 700 కోట్ల రూపాయలు, 20 కోట్ల క్యాన్లు. అందులో మూడింట రెండు వంతులు ఇళ్లవే. ప్లాంట్ల వైపు నుంచి చూసినా పొంతన కుదురుతోంది. నాకు తక్కువ నమ్మకం ఉన్నది ఇళ్ల వాటా మీద, అది మారితే జవాబు 500 నుంచి 900 కోట్ల మధ్య ఉంటుంది. ఇంకా సమయం ఉంటే నాలుగైదు రకాల ఏరియాల్లో కొన్ని ఇళ్లను అడిగి ముందు ఆ వాటా తేలుస్తాను." అర నిమిషంలో అయిపోతుంది. 712 కోట్లు, 693 కోట్లు అని చివరి అంకె దాకా చెప్పకండి. అన్నీ ఊహల మీద కట్టిన లెక్కకు అంత కచ్చితత్వం ఉండదు, ఉన్నట్టు చెబితే ఊహలన్న సంగతే మీకు తెలియదనుకుంటారు.

ఇక నలభై కేసుల సంగతి. బట్టీ పడితే లాభం అసలు లేదనను. అదే ప్రశ్న వస్తే త్వరగా చేస్తారు. కానీ కేసు కొంచెం మారిస్తే ఏమవుతుందో చూడండి. "హైవే మీద ఒక పెట్రోల్ బంకు రోజుకు ఎంత అమ్ముతుంది?" అని అడిగారనుకోండి. జనాభా నుంచి మొదలుపెడితే ఎక్కడికీ చేరరు, ఆ దారిన పోయే వాళ్లెవరో మీకు తెలియదు. అక్కడ పంపులెన్ని, ఒక్కో బండికి ఎన్ని నిమిషాలు, రద్దీ ఎన్ని గంటలు అని వెళ్లాలి. క్యాన్ల దగ్గర పరీక్షకు వాడిన దారే అక్కడ అసలు దారి అవుతుంది. ఏ వైపు నుంచి అంకెలు ఊహించడం సులువో అటు నుంచి వెళ్లడమన్నది బట్టీతో రాదు. నన్నడిగితే ఆ నలభైలో ఎనిమిదో పదో తీసుకుని, ఒక్కోదాన్ని రెండు వైపుల నుంచీ చేసి, రెండు జవాబులూ ఎందుకు తేడా వచ్చాయో చూసుకోవడం మీకున్న మూడు వారాలకు సరిపోతుంది. నలభై చదవడమే ధైర్యం ఇస్తుందనిపిస్తే అదీ చేయండి, కానీ అప్పుడు ఒక్కటి కూడా గట్టిగా పైకి మాట్లాడుతూ చేయడానికి టైం మిగలదని గుర్తుంచుకోండి. గుర్తు పెట్టుకోవాల్సిన అంకెలు నాలుగైదు చాలు: దేశ జనాభా, మన రెండు రాష్ట్రాలది, రెండు మూడు పెద్ద నగరాలది, ఇంటికి ఎంత మంది.

భాష గురించి. లెక్క తెలుగులో బుర్రలో తిరిగితే తిరగనివ్వండి, దాన్ని ఆపాలని చూస్తే లెక్కా పోతుంది, మాటా పోతుంది. ప్రమాదమంతా లక్షల్లో చేస్తూ మిలియన్లలో చెప్పే చోట ఉంది. 7.5 లక్షలను తొందరలో 7.5 మిలియన్లు అనేస్తే పది రెట్లు పెరిగిపోతుంది. మొదట్లోనే "నేను లక్షల్లో, కోట్లలో చేస్తాను, అభ్యంతరం లేదు కదా?" అని అడిగేయండి. ఇక్కడి ఇంటర్వ్యూల్లో అది మామూలే. అవతలి వాళ్లు విదేశాల నుంచి మాట్లాడుతుంటే చివర్లో ఒక్కసారే మార్చండి: కోటి అంటే పది మిలియన్లు, కాబట్టి 20 కోట్ల క్యాన్లు 200 మిలియన్లు, 700 కోట్ల రూపాయలు 7 బిలియన్లు. మధ్యలో మార్చుతూ పోతే ఎక్కడో ఒకచోట సున్నా జారుతుంది. ఇంగ్లిష్‌లో సాధన చేయాల్సింది లెక్క కాదు, ఆ చివరి అర నిమిషం మాటలు. ఆ ఐదు వాక్యాలనే రకరకాల కేసులకు పైకి చెప్పుకోండి, వీలైతే మీ రూమ్మేట్‌ను ఎదురుగా కూర్చోబెట్టి. ఆమె చేత ఒకటే ప్రశ్న అడిగించండి: "ఈ నంబర్‌ను నమ్ముతావా?"

మీ వల్ల అవుతుందా అన్నారు. ఒక్క ఇంటర్వ్యూ చూసి నేను చెప్పలేను, మీరూ చెప్పలేరు. ఈ మూడు వారాల్లో ఎనిమిది పది కేసులు చేశాక తెలుస్తుంది. అప్పటికి మీ తప్పులు గుణకారాల్లోనో, మాట తడబాటులోనో మాత్రమే మిగిలితే అవి సాధనతో తగ్గేవే, వెళ్లి కూర్చోండి. ప్రతిసారీ దేన్ని లెక్కపెట్టాలన్న దగ్గరే దారి తప్పుతుంటే, ఈసారి కూడా వెళ్లండి, కానీ దాంతో పాటు డేటా అనలిటిక్స్, మార్కెట్ రీసెర్చ్ ఉద్యోగాలకూ అప్లై చేసి ఉంచండి. అక్కడ ఇదే రకం ఆలోచన కావాలి, కాకపోతే పది నిమిషాల్లో ఎదురుగా కూర్చుని చెప్పమనరు, డేటా చూసుకుని చేసే వీలుంటుంది. అన్నిటినీ వదిలేసి ఈ ఒక్క దాని మీదే కూర్చుంటే ప్లేస్‌మెంట్ సీజన్ చివర్లో మీకు మిగిలే అవకాశాలు తగ్గుతాయి, అది కూడా చూసుకోండి.

ఒకవేళ వచ్చే ఇంటర్వ్యూలో మీ ఊహనే ఆయన తప్పు పడితే, ఉదాహరణకు "30 శాతం చాలా ఎక్కువ, మా దగ్గరున్న డేటాలో 15 శాతమే" అంటే, మీ అంకెను సమర్థించుకోవడానికి వాదనకు దిగకండి. 15 వేస్తే ఇళ్లవి 6.75 కోట్ల క్యాన్లు, ఆఫీసులతో 9.75, మిగతావి కలిపితే 11.7 కోట్లు, మొత్తం 410 కోట్ల చుట్టుపక్కల. ఆ కాగితం మీదే కొట్టేసి రాసి, కొత్త జవాబు చెప్పి, "ఇప్పుడు మొత్తం క్యాన్లలో ఇళ్లవి సగం చిల్లరకు తగ్గాయి, కాబట్టి ఆఫీసుల లెక్కను ఇంకొంచెం జాగ్రత్తగా చూడాలి" అనండి. అప్పుడు నిజంగానే చూడాల్సింది అదే.